రెండు పొయ్యిల మోహన టీచర్

మోహన టీచర్‌కు మండలంలో ఒక పేరుంది. ఉపాధ్యాయుల సమావేశం ఎక్కడ జరిగినా సరే, ఒకే గదిలో రెండు వయసుల పిల్లలకు పాఠం చెప్పడం ఎట్లా అన్న సంగతి వచ్చిందంటే చాలు, తలకాయలన్నీ ఆమె వైపు తిరుగుతాయి. ఆమె కూడా ఎవరూ బతిమాలకముందే కొంగు సర్దుకుని లేచి నిలబడుతుంది. రెండు పొయ్యిల మీద వంట చేసినట్టే ఇది, అంటుంది. ఒక పొయ్యి మీద అన్నం దానంతటది ఉడుకుతుంటే, రెండో పొయ్యి దగ్గర నిలబడి తాలింపు వేసుకోవాలి. రెండింటి మీదా తాలింపులే పెట్టుకుంటే ఏదో ఒకటి మాడక తప్పదు. ఆ మాటకు అందరూ చప్పట్లు కొడతారు. భోజనాల దగ్గర ఒకరిద్దరు వచ్చి భలే చెప్పినారు మేడం అని కూడా అంటారు. ఆ పూట ఆమె సాంబారన్నం ఇంకో గరిటె ఎక్కువ తింటుంది.

ఇంత గొప్ప వంటమనిషి సొంత బడిలో మాత్రం, రెండేళ్ళుగా ఏ పొయ్యి మీద ఏముందో ఆమెకే తెలియదు. మాడు వాసన వచ్చిన వైపు పరుగెత్తడమే ఆమెకు తెలిసిన పద్ధతి.

మోహన పుట్టింది తిరుచానూరులో. నాయన వెంకటముని అమ్మవారి గుడి వీధిలో పూలమ్మేవాడు. ఇంటిల్లిపాదీ పూలు కడుతుంటే ఈమె ఒక చేత్తో దారం పట్టుకుని, ఇంకో చేత్తో పక్కింటి పిల్లల పలకల మీద ఆ ఆలు దిద్దించేది. దాంతో పూలూ సరిగా కట్టేది కాదు, అక్షరాలూ సరిగా వచ్చేవి కావు. కానీ ఈ పిల్ల టీచరమ్మ అవుతుందని వీధంతా తీర్మానించేసింది. వీధి మాట నిలబెట్టడానికి డీఎస్సీ మూడుసార్లు రాయవలసి వచ్చింది. ఉద్యోగం వచ్చాక పుత్తూరులో బస్సు కండక్టరు రాజారత్నంతో పెళ్ళయింది. ఇప్పుడు పనిచేస్తున్నది నగరి దగ్గర ఒక నేతగాళ్ళ ఊరి బడిలో. ఊళ్ళో ఇంటింటా మరమగ్గాలు. పొద్దున్నుంచి మాపు దాకా టకటక శబ్దం. కొత్తగా చేరినప్పుడు ఆ శబ్దానికి ఆమెకు తలనొప్పి వచ్చేది, ఇప్పుడు కరెంటు పోయి శబ్దం ఆగితే వస్తుంది.

ఆ బడిలో రెండు గదులున్నాయి. ఒకటి కురుస్తుంది కాబట్టి దాంట్లో ఎండిన మూలల్లో బియ్యం మూటలు తప్ప ఇంకేమీ పెట్టరు. రెండో గదే బడి. రెండేళ్ళ కిందట దాకా ఇంకో సారు ఉండేవాడు. ఆయన బదిలీ అయి పోయాక ఆ జాగాలోకి ఎవరూ రాలేదు. ఒకటి, రెండు తరగతులు కలిపి చిన్నోళ్ళు, వాకిలి పక్క బోర్డుకు. మూడు నుంచి అయిదు దాకా పెద్దోళ్ళు, కిటికీ పక్క బోర్డుకు. మధ్యలో మోహన టీచర్, రెండు పెళ్ళిళ్ళకూ ఒకే భజంత్రీగా.

ఆ మొదటి నెలల్లోనే ఆమెకు ఒక వరం దొరికింది. దాని పేరు తేజస్విని. చిన్నోళ్ళు ఒకరోజు గదిని సంత చేస్తుంటే, పెద్దోళ్ళలోంచి ఆ పిల్ల లేచి, సుద్దముక్క తీసుకుని, చిన్నోళ్ళ ముందు నిలబడి ఏనుగు కథ మొదలుపెట్టింది. గది నిశ్శబ్దమైపోయింది. మోహన కళ్ళకు ఆ పిల్ల సాక్షాత్తూ సరస్వతిలాగా కనబడింది. అది మొదలు, చిన్నోళ్ళలో ఎవరైనా ఏడిస్తే తేజ, కొట్టుకుంటే తేజ, పలక పగిలితే తేజ. చిన్నోళ్ళలో ఆ పిల్ల తమ్ముడు పునీత్ కూడా ఉన్నాడు, వాడైతే చీమిడి తుడవడానికి కూడా అక్కే కావాలంటాడు. ఊళ్ళో తేజకు చిన్న టీచరని పేరు వచ్చింది. పిల్లలు పిల్లలకు నేర్పడం ఎంత గొప్ప పద్ధతో మోహన సమావేశాల్లో ఉపన్యాసం కూడా ఇచ్చింది. ఆ రోజు సాంబారన్నం మరీ ఎక్కువ తినింది.

ఒక శనివారం మధ్యాహ్నం తేజస్విని నాయన ఢిల్లీబాబు బడికి వచ్చాడు. మగ్గం మీద నుంచి లేచి వచ్చినట్టుంది, జుట్టునిండా నూలు పీచు. నెమ్మదస్తుడు, గొంతు పెంచడు. అదే మోహనను ఎక్కువ భయపెట్టింది. పిల్లలిద్దర్నీ పుత్తూరు రోడ్డులోని ప్రైవేటు బడిలో వేస్తానని, టీసీ రాసివ్వమని అడిగాడు. వ్యాను ఊళ్ళోకే వస్తుందట. మోహన ఏమేమో చెప్పబోయింది. ఆయన ఆపి, రోజూ సాయంత్రం ఈరోజు ఏం నేర్చుకున్నావమ్మా అని బిడ్డను అడుగుతున్నాననీ, రెండేళ్ళుగా అది ఈరోజు చిన్నోళ్ళకు ఇది నేర్పించినా, అది నేర్పించినా అనే చెబుతోందనీ అన్నాడు.

"మా పిల్ల సదువుకునేదానికి వస్తాండాదా మేడం, పిల్లోల్ని మేపేదానికి వస్తాండాదా?"

చివరికి ఆమె, సోమవారం పొద్దున ఒక్క పూట వచ్చి గదిలో కూర్చుని చూడమని, ఆ తర్వాత ఏమంటే అదే చేస్తానని బతిమాలుకుంది. ఆయన సరేనన్నాడు. ఆయన పోయాక మోహనకు, తేజ పోతుందనుకుంటేనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఆ పిల్ల మీది ప్రేమతో వచ్చాయా, ఇకమీదట చిన్నోళ్ళను ఎవరు చూస్తారన్న దిగులుతో వచ్చాయా అని తనను తానే అడిగింది. జవాబు అంత గౌరవంగా లేదు కాబట్టి మళ్ళీ అడగలేదు.

ఆదివారం పుత్తూరులో, అన్నాలు తిన్నాక, పాత క్యాలెండరు వెనకవైపు గీతలు కొట్టుకుని కూర్చుంది. పైన ఒక పెద్ద గడి, అందరూ కలిసి చేసే పని. దాని కింద రెండు నిలువు వరుసలు, చిన్నోళ్ళు ఒకటి, పెద్దోళ్ళు ఒకటి. అట్టడుగున మళ్ళీ ఒక పెద్ద గడి, అందరూ కలిసేది. గీతలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. గీతల్లో మోహనను కొట్టేవాళ్ళు లేరు.

పక్కన మునగాకు దూస్తున్న అత్త చౌడేశ్వరమ్మ కాసేపు చూసి, "ఏమే, పదహారేండ్లుగా సెప్పే పాఠమే గదా, ఈరోజేమి కొత్తగా పరీక్షకు పోతాండావు?" అంది.

మోహన నవ్వలేదు. ఆ మాట నిజం కాబట్టి.

మొదటి గడి సులభంగానే నిండింది. అందరికీ పాత పేపరు ముక్కలు. అందరూ మడవాలి. చిన్నోళ్ళు మడతలు విప్పి ఎన్ని భాగాలయ్యాయో లెక్కపెట్టాలి, పెద్దోళ్ళు అదే కాగితం మీద సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు అని రాయాలి. పని ఒకటే, అడిగే ప్రశ్నలే వేరు.

తర్వాతి వరుస దగ్గర అసలు చిక్కు వచ్చింది. మొదట రాసిందేమంటే, పెద్దోళ్ళకు భిన్నాల కొత్త పాఠం, చిన్నోళ్ళకు ఏడు అంకె కొత్త పాఠం, రెండూ ఒకే సమయానికి. రాసి, దాన్ని మురిపెంగా చూసుకుని, అప్పుడు కదా నాలుక కరుచుకుంది. రెండు పొయ్యిల మీదా తాలింపే! చప్పట్లు కొట్టినవాళ్ళంతా ఆ క్షణాన వంటింట్లోకి వచ్చి చూస్తున్నట్టు సిగ్గేసింది. కొట్టేసి మళ్ళీ రాసింది. ముందు పెద్దోళ్ళకు పోయిన వారం చదివిన పాఠమే ఇవ్వాలి. వాళ్ళే చదువుకుని, దాని మీద ప్రశ్నలు తయారుచేసుకోవాలి. అది వాళ్ళకు వచ్చిన పనే, తను అక్కరలేదు. ఆ లోపల తను చిన్నోళ్ళ దగ్గర కూర్చుని ఏడు నేర్పాలి. ఏడు చింతగింజలు తీసుకుని మూడూ నాలుగూ, అయిదూ రెండూ అని విడదీయడం. అది వచ్చాక వాళ్ళను జతలుగా కూర్చోబెట్టి ఆటలో పెట్టి, తను పెద్దోళ్ళ చాప మీదికి మారాలి.

ఆట కూడా బాగానే తట్టింది. జతలో ఒకరు ఏడు గింజల్లో కొన్ని టెంకాయ చిప్ప కింద దాచాలి. బయట ఉన్నవి చూసి రెండోవాళ్ళు లోపల ఎన్నున్నాయో చెప్పాలి. చిప్ప ఎత్తి చూస్తే తప్పో ఒప్పో వాళ్ళకే తెలిసిపోతుంది, దిద్దడానికి టీచరు అక్కరలేదు. తర్వాత దాచే వంతు రెండోవాళ్ళది. యాభై దాకా అంకెలు రాయమంటే టపటపా రాసి పడేసి అయిపోయింది టీచర్ అని మీదికి వస్తారు. ఈ ఆట అయిపోయేది కాదు.

అట్టడుగు గడిలో, ఈరోజు నేర్చుకున్నది అందరూ చెప్పడం అని రాసింది. ఇక పక్కన ఒక్క చిన్న గడి మిగిలింది. చిన్నోళ్ళకు మధ్యలో అడ్డం వస్తే ఎవరిని అడగాలి? మోహన చేయి ఆలోచించకుండా రాసేసింది: తేజ.

రాసినదాన్ని చాలాసేపు చూసింది. తర్వాత క్యాలెండరు చిరిగేంత గట్టిగా కొట్టేసి, జతను అడగాలి, జతకూ తెలియకపోతే మళ్ళీ మొదటినుంచి ఆడాలి అని రాసింది. దాని కింద ఇంకో ముక్క కలిపింది: టీచరు చాప మీద కూర్చుంటే రక్తం కారితే తప్ప దగ్గరికి రాకూడదు.

సోమవారం ఢిల్లీబాబు తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని గడప మీద కూర్చున్నాడు. తేజస్విని నాయనను చూసి జడ ముందుకు వేసుకుంది.

కాగితాల మడత బాగా సాగింది. పునీత్ తన కాగితాన్ని పడవ చేశాడు గానీ, దానికి కూడా భాగాలున్నాయి కాబట్టి మోహన ఒప్పుకుంది. తర్వాత పెద్దోళ్ళను పుస్తకాలు తీయమని, చేయవలసింది చెప్పి, ఒకరి చేత మళ్ళీ చెప్పించి, చిన్నోళ్ళ దగ్గరికి తిరిగి, మొదటి చింతగింజ చేతిలోకి తీసుకుంది. వెనక నుంచి ఒక గొంతు, మార్జిన్ కొట్టాలా టీచర్ అంది. కొట్టండి అంది. ఎర్ర పెన్నుతోనా నీలం పెన్నుతోనా అని ఇంకో గొంతు. నా దగ్గర స్కేలు లేదు టీచర్ అని మూడోది. ఆదివారమంతా కూర్చుని ప్రపంచంలోని ప్రతి ఆపదకూ ఉపాయం రాసిన మోహనకు మార్జిన్ తట్టలేదు. ఈరోజు ఎవరూ మార్జిన్ కొట్టకూడదని శాసనం చేసి, గడప వైపు చూడకుండా చిన్నోళ్ళ మధ్య కూర్చుండిపోయింది.

ఏడు బాగానే కుదిరింది. ఒకసారి తనే అందరితో ఆట ఆడించి, జతలుగా కూర్చోబెట్టి, రెండుమూడు జతలు సరిగా ఆడుతున్నాయో లేదో చూసి, పెద్దోళ్ళ చాప మీదికి పోయి కూర్చుంది. ఆ మూల నుంచి రెండు గుంపులూ కనబడతాయి. మడత పెట్టిన కాగితాలు ముందుకు తీయమంది. గదిలో అటు గింజల చప్పుడు, ఇటు కాగితాల చప్పుడు. ఆహా, ఇదే కదా నేను చెప్పేది అని మోహన మనసులో తన భుజం తానే తట్టుకుంది. అంతే, పునీత్ బోరుమని ఏడుపు అందుకున్నాడు.

వాడి జత లోకేశ్వరి ఏడు గింజలూ చిప్ప కిందే దాచేసింది. బయట ఒక్కటీ లేదు. వాడేం చెబుతాడు? ఏడ్చాడు.

"తేజా, పోయి సూడమ్మా."

ఈ మాట ఎవరన్నారా అని మోహన ఒక్క క్షణం చుట్టూ చూసింది. అన్నది తనే. క్యాలెండరు చిరిగేలా కొట్టేసిన పేరు, గడప మీద ఆ పిల్ల నాయన కూర్చుని ఉండగా, నోట్లోంచి మంచినీళ్ళ ప్రాయంగా జారిపోయింది. తేజ అప్పటికే సగం లేచింది. ఢిల్లీబాబు కూడా లేచాడు. పంచె దులుపుకున్నాడు. అంతా అయిపోయింది, ఇక టీసీ రాయడమే అనుకుంది మోహన.

అప్పుడు తేజ మొహం చూసింది. ఆ మొహంలో పెద్ద బరువు దిగినట్టుంది. తరగతిలోంచి తప్పించుకుని పోతున్న పిల్ల మొహం అది. పదహారేళ్ళుగా పిల్లల్ని చూస్తున్న మనిషి, ఆ మొహాన్ని ఇన్నాళ్ళూ ఎట్లా గుర్తుపట్టలేదో!

"తేజా, కూర్చో," అంది. "నువ్వు పోవద్దు. మడతలు సూసి సెప్పు, నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా?"

తేజ కూర్చుంది. కాగితం వైపు చూడలేదు, టీచరు మొహం వైపు చూసింది. "ఎనిమిదో వంతు టీచర్. నాలుగు కంటే ఎనిమిదే గదా పెద్దది."

మూడో తరగతి పిల్లాడొకడు కిసుక్కుమన్నాడు. తేజ చెవులు ఎర్రబడ్డాయి. "టీచర్, పునీత్ ఏడస్తానే ఉండాడు, పోయొస్తా," అంది గబగబా.

మోహనకు అప్పుడు తెలిసింది. చిన్నోళ్ళ ముందు నిలబడితే ఈ పిల్లకు అన్నీ తెలుసు. పెద్దోళ్ళ చాప మీద కూర్చుంటే ఏమీ తెలియదు. అందుకే ఎప్పుడెప్పుడు ఎవడు ఏడుస్తాడా అని చూస్తుంటుంది. తెలివైన పిల్ల కదా, దానికి రాకపోవడమేమిటని తను ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. దుఃఖం ముంచుకొచ్చింది. కానీ ఏడ్చే వంతు పునీత్ తీసుకున్నాడు కాబట్టి మింగుకుంది.

"వాన్ని ఏడవనీ," అంది.

ఆ మాట అనడం సులభం. వినడమే కష్టం. పునీత్ రాగం తీస్తున్నాడు, మోహన కాలు దానంతటది వాకిలి వైపు లాగుతోంది. కాలిని మడిచి, దాని మీద కూర్చుంది. తేజను, మడత పెట్టిన రెండు కాగితాలూ తీసుకుని, ఒకదాంట్లో నాలుగో వంతు, ఇంకోదాంట్లో ఎనిమిదో వంతు చించమంది. ఒకదాని మీద ఒకటి పెట్టమంది. ఇది దోసె అనుకో, నలుగురు పంచుకుంటే నీకిది, ఎనిమిది మంది వస్తే నీకిది, అంది. ఇంకేమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడం కూడా ఆమెకు అలవాటు లేని పనే.

తేజ ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టింది, మీద పెట్టింది, మళ్ళీ తీసింది. చాలాసేపటికి, ఎవరితోనూ కాదన్నట్టు, "మంది ఎక్కువైతే ముక్క సిన్నదైపోతాది," అంది.

అయితే మూడో వంతు పెద్దదా, ఆరో వంతు పెద్దదా అని మోహన అడిగింది. ఈసారి తేజ టీచరు మొహం చూడలేదు. కళ్ళు మూసుకుని, మూడో వంతే, ముగ్గురే గదా ఉండేది, అంది. కళ్ళు తెరిచి, తనకు నిజంగానే తెలిసిందా అన్నట్టు కాగితం ముక్కల్ని మళ్ళీ చూసుకుంది.

వాకిలి పక్క ఏడుపు ఎప్పుడు ఆగిందో మోహన గమనించలేదు. పునీత్ తన ఏడుపు వినేవాళ్ళు లేక తనే చిప్ప ఎత్తి లెక్కపెట్టుకున్నాడట. బయట సున్నా, లోపల ఏడు అని లోకేశ్వరితో కలిసి పాటలాగా పాడుతున్నాడు. మోహన ప్లానులో సున్నా లేదు. ప్లానులో ఉన్నవాటికంటే అదే బాగా వచ్చింది.

పెద్దోళ్ళకు ఇంకో నాలుగు లెక్కలు ఇచ్చి, మోహన లేచి గడప దగ్గరికి పోయింది. ఢిల్లీబాబు ఇంకా నిలబడే ఉన్నాడు. బిడ్డ తప్పు చెప్పింది ఆయన విన్నాడు, తర్వాత చెప్పిందీ విన్నాడు. తేజకు వెనకటి పాఠాలు ఇంకా ఎన్ని రావో ఇప్పుడే చెప్పలేననీ, వచ్చనుకుని ఇన్నాళ్ళూ అడగనే లేదనీ మోహన చెప్పింది. ఉపన్యాసం లాంటిదేమీ నోటికి రాలేదు.

"రేపు గూడా ఇట్లే సెప్తారా మేడం?" అన్నాడాయన.

అవునని చెబితే ఎంత బాగుంటుందో మోహనకు తెలుసు. "రేపటికి ప్లాను లేదన్నా," అంది. "ఈ ఒక్క పూటకే ఆదివారమంతా పాయె. ఈరోజు మాపటికి కూర్చోని రాయాల. బాగా రాకపోయినా పోనీ, దాన్ని మాత్రం సాప మీద నుంచి లేపను."

ఇంతలో పునీత్ టెంకాయ చిప్ప పట్టుకుని పెద్దోళ్ళ చాప దగ్గరికి పోయాడు. లోకేశ్వరితో ఆడనని, నువ్వు రా అని అక్క చేయి పట్టుకుని లాగాడు. మోహన అడ్డం పోబోయి ఆగిపోయింది. ఢిల్లీబాబు కూడా అటే చూస్తున్నాడు.

తేజ తల ఎత్తలేదు. తమ్ముడి చేయి విడిపించుకుని కాగితాన్ని మూడు మడతలు పెట్టడానికి తంటాలు పడుతోంది.

"పో రా," అంది. "నేను సదువుకుంటా ఉండా."

పునీత్ గునుస్తూ తన జత దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఢిల్లీబాబు వాడు కూర్చునేదాకా చూసి, తనూ మళ్ళీ గడప మీద కూర్చున్నాడు.